ఆర్థో మిథైల్ మీద అడ్డగీత

ఆ కోచింగ్ సెంటర్లో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పిల్లలు వెనకాల, తోటి మాస్టార్లు ఎదురుగానే పీకేఏ మేడమ్ అనేవాళ్ళు. పీకేఏ అన్నది ఒక అంకె. ఆమ్లం తన ప్రోటాన్‌ను ఎంత తేలిగ్గా వదులుకుంటుందో చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే ఆమ్లం అంత గట్టిది. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. ఇథనాల్ పదహారు, ఫినాల్ పది, అసిటిక్ ఆమ్లం నాలుగూ ముప్పావు. ఇలాంటి అంకెలు ఆమె నాలుక చివర ఉండేవి. కొందరికి చుట్టాల పుట్టినరోజులు గుర్తున్నట్టు ఆమెకు ఆమ్లాల అంకెలు గుర్తుండేవి.

ఏడేళ్ళుగా ఆ పాఠం ఆమెదే. ఆర్గానిక్ కెమిస్ట్రీ అనగానే వణికే పిల్లల్ని కూర్చోబెట్టి మొదటి రోజే ఒక మాట చెప్పేది: "పోయిన ప్రోటాన్ కోసం ఏడవకండర్రా. వెనక మిగిలినవాడి సంగతి చూడండి. వాడు కుదురుగా ఉన్నాడంటే ఆమ్లం గట్టిదన్నమాట." ప్రోటాన్ పోయాక మిగిలే రుణావేశానికి తల దాచుకోవడానికి చోటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఇథనాల్‌లో ఆ ఆవేశం ఒక్క ఆక్సిజన్ నెత్తినే కూర్చుంటుంది. ఫినాల్‌లో కొంత భారం వలయంలోని కార్బన్లు పంచుకుంటాయి. అసిటిక్ ఆమ్లంలో రెండు ఆక్సిజన్లు చెరిసగం మోస్తాయి. కార్బన్ల కంటే ఆక్సిజన్లకు రుణావేశం మోయడం అలవాటు. అందుకే ఫినాల్ కంటే అసిటిక్ ఆమ్లం గట్టిది. దీన్నే రెజొనెన్స్ అంటారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె రెండు చేతులూ చాచి, కనిపించని బరువును ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మార్చుకునేది. పాస్ అయి వెళ్ళిపోయిన పిల్లలు ఎక్కడైనా ఎదురైతే నమస్కారం పెట్టడానికి బదులు ఆ చేతులు ఊపే పని చేసి చూపించేవాళ్ళు. ఆమెకు అంతకన్నా పెద్ద బిరుదు అక్కర్లేకపోయింది.

అలాంటి మనిషి కూతురు పుట్టే ముందు నుంచి ఏడాదిపాటు సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆమె క్లాసురూమ్‌లో, బోర్డు పక్కనున్న కొక్కానికి ఒక తాడు వేలాడుతోంది.

లావుపాటి నూలు తాడు. అడుగుకొక ముడి. ఆమె బదులు వచ్చిన కుర్ర మాస్టారు తెచ్చి తగిలించినది. పిల్లలు ఆయనకు తాడు సారు అని పేరు పెట్టేశారు. పొద్దుటి బ్యాచ్ ఆయన చేతుల్లోనే ఉండిపోయింది. డైరెక్టర్ గారు ఆమెను సాయంత్రం బ్యాచ్‌కి వేసి, "మధ్యలో గుర్రాన్ని మార్చడం ఎందుకమ్మా, పిల్లలు అలవాటు పడ్డారు" అన్నారు. గుర్రం ఎవరో, బండి ఎవరో ఆమె అడగలేదు. మూడు రోజులు అన్నం మాత్రం సహించలేదు.

ఆ తాడుతో ఆయన ఏం చేస్తాడో వినడానికి ఒకరోజు వరండాలో నిలబడింది. చేతిలో చాక్‌పీసుల డబ్బా పెట్టుకుని, లెక్కపెడుతున్నట్టు నటించింది.

"ఈ చివర పట్టుకున్నవాడు ఆమ్లం. మీరు ముగ్గురూ కార్బన్లు. ఒరేయ్ లావుపాటోడా, నువ్వు క్లోరిన్‌వి, లాగు!" లోపల కుర్చీలు జరిగిన చప్పుడు. "చూశారా, మొదటి ముడి దగ్గర లాగితే ఆమ్లం చెయ్యి ఊడొస్తోంది. మూడో ముడి దగ్గర లాగితే వీడు తీరిగ్గా తల గోక్కుంటున్నాడు. బ్యూటనోయిక్ ఆమ్లం పీకేఏ నాలుగు పాయింట్ ఎనిమిది రెండు. క్లోరిన్ పక్క కార్బన్ మీదుంటే రెండు పాయింట్ ఎనిమిది ఆరు. ఒక ముడి దూరం జరిగితే నాలుగూ చిల్లర. ఇంకో ముడి జరిగితే నాలుగున్నర. లాగేవాడు వాడే, దూరం పెరిగింది, పట్టు తగ్గింది. దీన్నే ఇండక్టివ్ ఎఫెక్ట్ అంటారు. క్లోరిన్‌గారూ, ఇక వదలండి, వాడి చెయ్యి కావాలి పరీక్ష రాయడానికి."

క్లాసంతా గొల్లుమంది. పావుగంటలో నాలుగుసార్లు నవ్వారు. ఆమె లెక్కపెట్టింది. చాక్‌పీసులు మాత్రం లెక్కకు రాలేదు.

అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే ఆమె కడుపు మంటకి అసలు కారణం. తప్పు చెప్పి నవ్వించి ఉంటే సంతోషంగా క్షమించేసేది.

ఇంటికెళితే అక్కడా అదే వరస. పది నెలల చిట్టి నానమ్మ భుజం మీదుంటే నవ్వుల పువ్వు, అమ్మ చేతికొస్తే సైరన్. ఆమె చెప్పులు విప్పకముందే చెయ్యి చాచి పిల్ల నుదురు తాకి చూసేది. తల వేడిగా ఉందేమో, ఊపిరి తేడాగా ఉందేమో, పగలంతా ఏం మింగిందో.

"జ్వరం లేదులేవే, పొద్దున్నుంచి నేను చూస్తూనే ఉన్నాగా" అనేవారు అత్తగారు.

"ఊరికే చూశానత్తయ్యా."

"చూడు, చూడు. నీ పిల్లే. కాకపోతే నీ చేతులు చాక్‌పీసు వాసన కొడతాయని ముఖం తిప్పుకుంటోంది."

"అది ఏడిస్తే మీ చేతుల్లోంచి తీసుకున్నందుకే గానీ వాసనకి కాదు."

"అదీ నా తప్పేనా? సరే, రేపట్నుంచి ఏడిపించి ఇస్తాలే, నీ దగ్గరికొచ్చి ఊరుకుంటుంది."

అత్తగారి మాటలో విషం ఉండేది కాదు. కానీ పుండున్న చోట గాలి తగిలినా మంటే కదా. ఒకసారి ఆమె స్నానానికి వెళ్ళి వచ్చేసరికి చిట్టి నేల మీద కూర్చుని ఆమె పాఠాల నోట్సు అందుకుంది. అరవై ఒకటో పుట కింది మూల చింపి బుగ్గన పెట్టుకుంది. ఆమె వేలు పెట్టి ముద్దంతా బయటికి లాగి, సిరా కడుపులోకి వెళ్ళిందేమోనని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. డాక్టరు నవ్వి పంపించాడు. తడిసి ముద్దయిన ఆ కాగితంలో ఏం రాసి ఉందో చూడాలని ఆమెకు తోచలేదు. ఆ నెలలోనే సాయంత్రం బ్యాచ్‌కి ఆమ్లాల పాఠం మొదలుపెట్టింది. నోట్సు చూసి చెప్పే అలవాటు ఆమెకు లేదు. అయినా తరగతికి ముందు ఒకసారి పుటలు తిరగేసేది. అరవై ఒకటో పుట అర్ధాంతరంగా ఆగితే, పాఠం కూడా అక్కడే ఆగింది.

పిల్లల అసలు పరీక్షకు మూడు నెలలుందనగా డైరెక్టర్ గారు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. ఎదురుగా కాఫీ ఉంది, ఒక్కటే కప్పు, అది ఆయనకే.

"ఆఖరి మూడు నెలల రివిజన్ రెండు బ్యాచ్‌లకీ కలిపి ఒకరే చెప్పాలి. ఇద్దరూ చెబితే పిల్లలు ఈ మాట ఆవిడ చెప్పారు, ఆ మాట ఈయన చెప్పాడు అని జుట్టు పీక్కుంటారు. సోమవారానికల్లా ఆమ్లాల మీద ఒక పరీక్ష పెట్టి దిద్దేయండి. ఏ బ్యాచ్ సగటు ఎక్కువైతే ఆ మాస్టారికి రివిజన్. ఆ సాయంత్రం ఐదింటికి నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తా. సరేనా?"

"మేడమ్ సీనియర్ కదండీ. ఆవిడే చెప్పొచ్చు" అన్నాడు తాడు సారు.

దయతలిచి ఇస్తున్నాడా అనుకుంది ఆమె. "వద్దండీ. పరీక్షే పెట్టండి" అంది.

ఆ సెంటర్లో ఒక పద్ధతుంది. ప్రశ్న ఎవరు రాస్తే రెండు బ్యాచ్‌లకీ దాన్ని వాళ్ళే దిద్దాలి. నలభై మార్కుల పేపర్లో అయిదో ప్రశ్న ఆమెకు వచ్చింది. ఎనిమిది మార్కులది. ఆమె కూర్చుని, పెన్ను మూత పళ్ళతో కొరుకుతూ, ఆలోచించింది. ప్రశ్న గురించి కాదు, తాడు గురించి.

తాడుకు లాగడమే తెలుసు. ఇవ్వడం తెలియదు. మిథాక్సీ అనే గుంపు ఉంది. దానిలోని ఆక్సిజన్ బంధం గుండా ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది, నిజమే. కానీ తన దగ్గరున్న జంటను రెజొనెన్స్ ద్వారా వలయంలోకి ధారపోస్తుంది కూడా. ఎదురుగా ఉండే పారా స్థానం నుంచైతే ఆ దానం నేరుగా ఆమ్లపు గుంపున్న కార్బన్ దాకా చేరుతుంది. లాగిన దానికంటే ఇచ్చినదే ఎక్కువవుతుంది. అప్పటికే రుణావేశం మోస్తున్నవాడి నెత్తిన ఇంకా బరువు పడుతుంది. అందుకే పారా మిథాక్సీ బెంజోయిక్ ఆమ్లం మామూలు బెంజోయిక్ కంటే బలహీనం. తాడు పట్టుకుని పెరిగిన పిల్లలు ఆక్సిజన్‌ను చూడగానే లాగుతుంది, గట్టిది అని రాసేస్తారు. ముడికి ముడి తెగుతుంది.

ప్రశ్న ఇలా రాసింది: బెంజోయిక్, పారా మిథాక్సీ, పారా మిథైల్, పారా నైట్రో బెంజోయిక్ ఆమ్లాలను బలం పెరిగే క్రమంలో అమర్చి కారణాలు చెప్పండి. పక్క కాగితం మీద జవాబు: అన్నిటికంటే బలహీనం మిథాక్సీ, ఆపైన మిథైల్, బెంజోయిక్, చివర నైట్రో. మిథైల్ కొంచెం ఇస్తుంది, మిథాక్సీ ఇంకా ఇస్తుంది, నైట్రో రెండు రకాలుగానూ లాగుతుంది. నిక్షేపంలాంటి జవాబు.

టైపు చేయించేటప్పుడు ప్రశ్న మళ్ళీ చదివింది. పారా, పారా, పారా. మరీ వరసగా ఉంది, కంటికి తేలిగ్గా ఆనుతోంది. మిథైల్ దగ్గర పారా కొట్టేసి ఆర్థో అని మార్చింది. ఆర్థో అంటే ఎదురుగా కాదు, ఆమ్లపు గుంపుకు ఆనుకునే ఉన్న పక్క చోటు. రెజొనెన్స్ లెక్కకి ఆర్థో అయినా పారా అయినా ఒకటేగా అనుకుంది. జవాబు కాగితం ముట్టుకోలేదు. మనసంతా మిథాక్సీ మీద, అంటే ఆ కుర్ర మాస్టారి మీద ఉంది.

శనివారం పరీక్ష అయిపోయింది. ఆదివారం మధ్యాహ్నం, అత్తగారు చిట్టిని ఎత్తుకుని వసారాలోకి వెళ్ళాక, వంటింటి బల్ల మీద పేపర్లు పరిచింది. ముందు తన బ్యాచ్. ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై మంది తాను అనుకున్న క్రమమే రాశారు. ఎనిమిదికి ఎనిమిది, ఎనిమిదికి ఎనిమిది. చెయ్యి నొప్పి తెలియలేదు.

తరవాత పొద్దుటి బ్యాచ్. మొదటి పేపర్లో మిథాక్సీ ఎక్కడుందో చూసింది. అడుగున ఉంది. సరైన చోటే. రెండో పేపర్లోనూ అడుగునే. మూడోదాంట్లో కారణం కూడా: "ఎడమ చేత్తో లాగి కుడి చేత్తో ఎక్కువ ఇస్తుంది. పారా కాబట్టి ఇచ్చింది చేరుతుంది. మధ్యలోని మెటా చోటైతే చేరదు, లాగుడే మిగులుతుంది."

ఆమె ఆ వాక్యం రెండోసారి చదివింది. తాడువాడికి ఇవ్వడం కూడా తెలుసు.

అప్పుడు కనిపించింది మిథైల్. నలభై రెండు మందిలో ఇరవై తొమ్మిది మంది ఆర్థో మిథైల్‌ను బెంజోయిక్ కంటే పైన పెట్టారు. గట్టి ఆమ్లమట! కారణం: "ఇరుకు బెంచీ." కొందరు బొమ్మ కూడా వేశారు, బెంచీ మీద ముగ్గురు, చివరివాడు పక్కకు ఒరిగి.

"బెంచీ!" అంది పైకే. "కెమిస్ట్రీ పేపర్లో బెంచీ ఏమిట్రా, వడ్రంగం పరీక్షా ఇది?"

"ఎవర్నే తిడుతున్నావు?" అన్నారు వసారాలోంచి అత్తగారు.

"ఎవర్నీ కాదత్తయ్యా!"

ఎంత సంతోషంగా అంది ఆ మాట! ఎర్ర పెన్ను తీసి బెంచీ మీద ఈ చివరనుంచి ఆ చివరకు అడ్డగీత కొట్టింది. ఎనిమిదికి మూడు. రెండో బెంచీ. ఎనిమిదికి మూడు. ఇరవై తొమ్మిది బెంచీలు విరిచింది. మిథైల్ ఇచ్చేదని తెలియని దద్దమ్మలు. నవ్వించడం కాదు నాయనా, చెప్పడం రావాలి.

సోమవారం పొద్దున్న స్టాఫ్ రూమ్‌లో పేపర్లు బల్ల మీద పెట్టింది. అన్ని ప్రశ్నలూ కలిపితే ఆమె బ్యాచ్ సగటు ఇరవై ఏడు, ఆయనది ఇరవై నాలుగున్నర. తాడు సారు తన కట్ట తీసుకుని, ఒకటీ రెండూ మూడూ పేపర్లు తిప్పాడు. అయిదో ప్రశ్న దగ్గర ఆగాడు. వేలితో కాగితం వెనకవైపు తడిమాడు.

"ఏమైనా సందేహమా సార్?" అంది. గొంతులో తేనె.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి, "లేదు మేడమ్. క్లాసుకి టైమైంది" అని వెళ్ళిపోయాడు.

ఓడినవాడు అలాగే వెళతాడు అనుకుంది. అయినా ఆ మౌనం ఆమెకు నచ్చలేదు. వాదిస్తే బాగుండేది. నాలుగు అంకెలు ముఖాన కొడితే గానీ ఆ బెంచీ గోల ఆగదనిపించింది. మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో జవాబుల కాగితం తయారు చేయడానికి కూర్చుంది. ప్రతి ఆమ్లం పక్కనా పీకేఏ వేసి రెండు క్లాసుల్లోనూ అంటించాలని. బెంజోయిక్ నాలుగు పాయింట్ రెండు సున్నా, తెలుసు. పారా మిథాక్సీ నాలుగు పాయింట్ నాలుగు ఏడు. పారా నైట్రో మూడు పాయింట్ నాలుగు. ఆర్థో మిథైల్...

నాలుక చివర అంకె లేదు. పారా మిథైల్‌ది ఉంది, నాలుగు పాయింట్ మూడు ఏడు. ఆర్థోది లేదు. బీరువాలోంచి లావుపాటి పుస్తకం దించి వెనక పట్టిక తీసింది. వేలు వరస వెంబడి జారింది.

ఆర్థో మిథైల్ బెంజోయిక్ ఆమ్లం. మూడు పాయింట్ తొమ్మిది ఒకటి.

అచ్చుతప్పేమో అనుకుంది. రెండో పుస్తకం తీసింది. అక్కడా అదే. బెంజోయిక్ కంటే చిన్న అంకె. బెంజోయిక్ కంటే గట్టి ఆమ్లం.

సంచీలోంచి తన నోట్సు తీసి అరవై ఒకటో పుట తెరిచింది. కింద మూల లేదు, పళ్ళు లేని చిగుళ్ళు లాగిన గుర్తులున్నాయి. ఆ చిరిగిన చోట ఏముండేదో ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది, ఏడేళ్ళు తన చేత్తో రాసి, తన నోటితో చెప్పిన వాక్యం: ఆర్థో స్థానంలో దాదాపు ఏ గుంపు వచ్చినా, అది ఇచ్చేదైనా లాగేదైనా, ఆమ్లం బలపడుతుంది. పక్కన చోటు చాలక ఆమ్లపు గుంపు వలయం తలంలోంచి పక్కకు మెలి తిరుగుతుంది. మెలి తిరిగితే వలయంతో దానికున్న రెజొనెన్స్ తెగుతుంది. ఆ రెజొనెన్సే అంతవరకూ ప్రోటాన్ వదలని ఆమ్లాన్ని కుదురుగా ఉంచింది. ఆ ఆసరా పోతే ప్రోటాన్‌ను వదిలేయడం తేలికవుతుంది.

ఇరుకు బెంచీ. ముగ్గురు కూర్చుంటే చివరివాడు పక్కకు ఒరుగుతాడు.

గోడ అవతల, మధ్యాహ్నం అదనపు క్లాసుకి ఆగిన పొద్దుటి బ్యాచ్ నవ్వింది.

ఆమె గడియారం చూసింది. రెండున్నర. ఐదింటికి బోర్డు మీద కాగితం. ఎవరికీ తెలియదు. పిల్లలు పేపర్లు తీసుకుని రెండు రోజులు గొణుక్కుని మర్చిపోతారు. పుట చిరిగిందని చెప్పుకోవచ్చు, ఏకంగా పసిపిల్ల మీద నెట్టేయొచ్చు. కానీ పుట చిరిగితే బుర్ర చిరగదు కదా. ఆర్థో అని మార్చింది చిట్టి కాదు. ఇరవై తొమ్మిది బెంచీలు విరిచింది చిట్టి కాదు.

ఇంకో మాట కూడా ఆమెను వదల్లేదు. ఎవరో ఒక పిల్ల అసలు పరీక్షలో ఆర్థో చూసి, "మా మేడమ్ ఇలా రాస్తే ఎనిమిది వేశారు" అనుకుని తప్పు రాస్తుంది. తన పిల్ల నోట్లోంచి కాగితం లాగడానికి డాక్టరు దాకా పరిగెత్తిన మనిషి, ముప్ఫై మంది పిల్లల బుర్రల్లోకి తానే కుక్కినదాన్ని అలాగే వదిలేస్తుందా?

ఎర్ర పెన్నే తీసింది. ఒక్కొక్క మూడునూ కొట్టేసి ఎనిమిది వేసింది. అడ్డగీతను చెరపడం మాత్రం కుదరలేదు. పక్కన "సరి" అని రాసి పొట్టి సంతకం పెట్టింది. తరవాత తన బ్యాచ్. ఆ ముప్ఫై పేపర్లలోని ఎనిమిదులు కొట్టేసి మూళ్ళు వేసింది. ఈసారి మాత్రం చెయ్యి నొప్పి పుట్టింది. కొత్త సగటు: తనది ఇరవై మూడు, ఆయనది ఇరవై ఎనిమిది.

తాడు సారు క్లాసు ముగించుకుని వచ్చేసరికి ఆమె పేపర్ల కట్ట ఆయన వైపు తోసింది.

"సార్, నా జవాబు తప్పు. మీ పిల్లలు రాసింది రైటు."

ఆయన కూర్చున్నాడు. "ఆర్థో సంగతేనా మేడమ్?"

"మీకు తెలుసా?"

"పొద్దున్న చూడగానే తెలిసింది."

"మరి నోటికి తాళం వేసుకున్నారేం?"

"మీరు ఆ గీత ఎంత గట్టిగా కొట్టారో చూశాను మేడమ్. వెనక రెండు పేజీల దాకా అచ్చు పడింది. ఇప్పుడు మాట్లాడితే ఆ పెన్ను నా మీదికొస్తుందని భయమేసింది." పేపర్ల కట్ట సర్దుతూ, "నాలుగింటికి చెబుదామనుకున్నా. ఐదు లోపల" అన్నాడు.

"చెప్పేవారా, లేక నన్నే కనుక్కోనిచ్చేవారా?"

"నాలుగింటికి చెప్పేవాణ్ణి. రివిజన్ సంగతి పక్కన పెట్టండి, పిల్లల మార్కులు కదా."

ఇది ఆమెకు అన్నిటికంటే ఎక్కువ మండింది. పాఠంలో ముందున్నాడు, నవ్వించడంలో ముందున్నాడు, ఆఖరికి మంచితనంలో కూడా ఒక ముడి ముందే ఉన్నాడు. ఆ ఒక్కటైనా నాకు వదలకూడదూ అనుకుంది.

"ఆ బెంచీ మీ సొంతమేనా?" అంది.

"సగం. మీ పాత బ్యాచ్ అమ్మాయి ఒకామె నోట్సు జిరాక్సు ఇచ్చింది నేను చేరిన కొత్తలో. అందులో 'చోటు చాలక మెలి తిరుగుతుంది' అని ఉంది. మీ వాక్యమే. నేను బెంచీ తెచ్చాను, అంతే."

తన వాక్యం తన పుటలోంచి పోయి ఆయన క్లాసులో బతుకుతోంది. సంతోషించాలా ఏడవాలా తెలియక లేచి నిలబడింది.

డైరెక్టర్ గారికి ఆమే వెళ్ళి చెప్పింది. ఆయన కాఫీ తాగుతూ, "ఎవరికీ తెలియకముందే వచ్చి చెప్పావు, అది మెచ్చుకోవాలి. కానీ మాట మాటే. రివిజన్ అతనిదే" అన్నారు. "పేపర్లు మాత్రం ఇక అన్నీ నువ్వే సెట్ చెయ్యి. జవాబులు అతను ఒకసారి చూస్తాడు."

"చూడనివ్వండి" అంది.

సాయంత్రం ఐదింటికి కాగితం బోర్డెక్కింది. ఆ తరవాత తన బ్యాచ్‌లోకి వెళ్ళింది. పేపర్లు చేతికొచ్చిన పిల్లలు గోలపెడుతున్నారు.

"మేడమ్, ఎనిమిది వేసి మళ్ళీ మూడేంటి మేడమ్? మీరు చెప్పిందే రాశాం!"

"అవునర్రా. నేను చెప్పిందే రాశారు. నేను చెప్పింది తప్పు." ఒక కుర్రాణ్ణి వేలితో చూపిస్తూ ముందు వరస దగ్గరికి నడిచింది. "ముందు బెంచీ మీద ఇద్దరే ఉన్నారుగా. నువ్వు లేచి వాళ్ళ పక్కన కూర్చో. కాదు, ఆ చివర కాదు, మధ్యలో దూరు. సంచీతో సహా."

పిల్లవాడు సంచీతో సహా దూరాడు. చివరి అమ్మాయి నడవవైపు మెలి తిరిగి, ఒక కాలు బయట పెట్టి, "పడిపోతా మేడమ్!" అంది.

"పడిపో. నువ్వు ఆమ్లపు గుంపువి. వీడు మిథైల్. మంచివాడే, ఇచ్చే గుణమున్నవాడే. కానీ పక్కన ఇరుక్కుంటే ఇచ్చేవాడూ తోసేవాడే అవుతాడు. ఎదురుగా, ఆ పారా కుర్చీలో కూర్చుని ఉంటే నీకు ఏ ఇబ్బందీ లేదు, వాడిచ్చింది తీసుకుని మెతగ్గా ఉండేదానివి. ఇప్పుడు చూడు, వలయం మీద చెయ్యి ఆనించే వీలు లేదు. ఆ చెయ్యి ఊడితే ప్రోటాన్‌ను ఎంతసేపు పట్టుకుంటావు?"

"ఇదిగో, వదిలేశా" అంటూ ఆ అమ్మాయి చేతిలోని పెన్ను కింద పడేసింది.

క్లాసు గొల్లున నవ్వింది. ఆమె బోర్డువైపు తిరిగి మూడు పాయింట్ తొమ్మిది ఒకటి అని రాసింది. రాస్తూ ఉండగా గోడ అవతల ఖాళీ గదిలో తాడు సారు కొక్కానికి తాడు తగిలిస్తున్న చప్పుడు వినిపించింది. ఆయన తమ నవ్వు విన్నాడా? విని ఉంటే బాగుండు. లెక్కపెట్టి ఉంటే ఇంకా బాగుండు.

ఇంటికెళ్ళేసరికి చిట్టి నానమ్మ భుజాన నిద్రపోతోంది. ఆమె అలవాటుగా నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

"పరీక్ష ఏమైందే?" అన్నారు అత్తగారు గుసగుసగా.

"ఆయనకే ఇచ్చారు."

"అయ్యో. మరి నువ్వేం చేశావు?"

"తప్పు నాదేనని నేనే చెప్పాను. పాఠం మళ్ళీ చెప్పాను. నవ్వారు."

"నిన్ను చూసా, పాఠానికా?"

"పాఠానికే" అంది. చెప్పులు విప్పి ఆ పక్కనే కూర్చుంది. పిల్లను అందుకోబోయి, నిద్రలో మెలి తిరిగి ఒదిగిన ఆ ఒళ్ళు చూసి చేతులు వెనక్కి తీసుకుంది. "ఎన్నిసార్లు నవ్వారో అడగరేం?"

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

"అంతేనా?"

"ఆయన పావుగంటకి నాలుగుసార్లు నవ్విస్తాడు" అంది. తనలో తాను అన్నట్టుగా, "రేపు రెండు" అంది.